కొత్త ఖాతాకు పెద్ద సొమ్ము: బ్యాంకు ఎందుకు ఆగమంటుంది?

ఇంటిస్థలం కొంటున్న ఒకాయన్ని తీసుకుందాం. రిజిస్ట్రేషన్ శుక్రవారం ఉదయం. అడ్వాన్సు పోను అమ్మేవాళ్లకు ఇంకా 12 లక్షలు ఇవ్వాలి. డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉంది. గురువారం రాత్రి భోజనాలయ్యాక కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని నెట్ బ్యాంకింగ్ తెరిచి, అమ్మే ఆయన ఖాతా నంబరు ఎక్కించాడు. ఓటీపీ వచ్చింది, కొట్టారు, చేరిందని చూపించింది. తెల్లారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నిలబడి 12 లక్షలు పంపబోతే పోలేదు. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటల్లో మొత్తం 50 వేలకు మించి పంపడం కుదరదని తెర మీద కనిపించింది. అమ్మేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. దస్తావేజు రాసినాయన "ఏమండీ, కానిద్దామా, సోమవారానికి పెట్టుకుందామా?" అంటున్నాడు.

నా డబ్బు నేను పంపుకోవడానికి మధ్యలో వీళ్ల అడ్డేమిటని కోపం రావడం సహజం. కానీ ఆ అడ్డు ఎవరిని ఆపడానికి పెట్టారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లి, నెట్ బ్యాంకింగ్‌లో పేరు నమోదు చేసుకునే దగ్గర మొదలుపెట్టాలి.

స్టేట్ బ్యాంకు పద్ధతినే చూద్దాం. మిగతా బ్యాంకుల్లో తెరలు వేరుగా ఉన్నా వరుస దాదాపు ఇంతే. లాగిన్ పేజీలో New User Registration అని ఉంటుంది. అది నొక్కితే ఖాతా నంబరు, సీఐఎఫ్ నంబరు, బ్రాంచి కోడు, బ్యాంకులో ఇచ్చిన మొబైల్ నంబరు అడుగుతుంది. ఇందులో జనం తడుముకునేది సీఐఎఫ్ దగ్గర. అది ఖాతాకు కాదు, ఖాతాదారుకు బ్యాంకు ఇచ్చుకున్న నంబరు. ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలున్నా సీఐఎఫ్ ఒకటే ఉంటుంది. పాస్‌బుక్ మొదటి పేజీలో, ఖాతా నంబరుకు దగ్గర్లోనే అచ్చయి ఉంటుంది.

తర్వాత వచ్చే ప్రశ్న చాలామంది చదవకుండానే దాటేస్తారు. మీకు ఏ మేరకు హక్కులు కావాలి అని అడుగుతుంది: పూర్తి లావాదేవీలకా, పరిమిత లావాదేవీలకా, చూసుకోవడానికి మాత్రమేనా. పెన్షన్ పడిందో లేదో, గ్యాస్ సబ్సిడీ వచ్చిందో లేదో చూసుకుంటే చాలనుకునే పెద్దవాళ్లకు మూడోది సరిగ్గా సరిపోతుంది. దాంతో డబ్బు బయటికి పంపడం అసలు కుదరదు కాబట్టి పాస్‌వర్డ్ పరాయివాళ్లకు తెలిసినా ఆ దారిన పైసా కదలదు. ఈ సదుపాయం గురించి బ్రాంచిల్లో గట్టిగా చెప్పేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

ఇవన్నీ నింపాక ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఏటీఎం కార్డు ఉంటే దాని వివరాలతో అక్కడికక్కడే పని పూర్తవుతుంది. కార్డు లేకపోతే వివరాలు నింపిన ఫారం ప్రింటు తీసుకుని బ్రాంచిలో ఇవ్వాలి, వాళ్లు మనిషిని చూసి పని మొదలుపెడతారు. ఇద్దరూ సంతకం పెడితేనే నడిచే జాయింటు ఖాతాలకూ బ్రాంచి మెట్లెక్కక తప్పదు. బ్రాంచివాళ్లు ముందే సీల్ చేసిన కిట్ కవరు చేతికి ఇచ్చి ఉంటే ఈ కొత్త నమోదు జోలికి వెళ్లకుండా ఆ కిట్‌లోని పేరు, పాస్‌వర్డ్‌తోనే మొదటిసారి లోపలికి వెళ్లాలి.

చివర్లో రెండు పాస్‌వర్డ్‌లు పెట్టుకోమంటుంది. ఒకటి లోపలికి వెళ్లడానికి. రెండోది ప్రొఫైల్ పాస్‌వర్డ్, కొత్త ఖాతాలు చేర్చడం లాంటి కీలకమైన పనులకు. రెండు ఎందుకని విసుక్కుని ఒకటే మాట రెండింటికీ పెట్టేవాళ్లున్నారు. మొదటిది దొంగకు చిక్కినా రెండోది ఆపాలన్నది బ్యాంకు ఉద్దేశం. రెండూ ఒకటే అయితే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

ఈ దశలో అన్నిటికంటే గట్టిగా చూసుకోవాల్సింది మొబైల్ నంబరు. పదేళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు ఇప్పుడు వాడటం లేదనుకోండి. వాడకం ఆగిపోయిన నంబర్లను టెలికాం కంపెనీలు కొంతకాలానికి వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. అప్పుడు మీ ఓటీపీ, మీ ఖాతా హెచ్చరికలు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్లో మోగుతుంటాయి. నంబరు మారిస్తే బ్యాంకులో కూడా మార్పించాకే నెట్ బ్యాంకింగ్ మాట ఎత్తాలి. ఈమెయిల్ కూడా ఇవ్వండి, దాని అవసరం కాసేపట్లో తెలుస్తుంది.

బ్యాంకు సైటు కోసం గూగుల్‌లో వెతికి పైన కనిపించిన లింకు నొక్కే అలవాటు మానుకోవాలి. అచ్చం బ్యాంకు పేజీలా కట్టిన నకిలీ పేజీలు అక్కడే కాపు కాస్తాయి. ఈ బెడద కోసమే బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 నాటికి తమ సైట్ల చిరునామాలను .bank.in కు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ చిరునామా బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు. చిరునామా పట్టీలో బ్యాంకు పేరు తర్వాత సరిగ్గా ఆ రెండు ముక్కలతో ముగిసిందో లేదో చూసుకుని, చేత్తో టైపు చేసుకుని వెళ్లడం మేలు.

ఇక బెనిఫిషియరీ. మన డబ్బు అందుకునే మనిషి ఖాతాను ముందుగా మన జాబితాలో ఎక్కించుకోవడమే ఇది. పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు, ఆ ఖాతాకు గరిష్ఠంగా ఎంత పంపాలనుకుంటున్నారో ఆ పరిమితి ఇవ్వాలి. ఖాతా నంబరు రెండుసార్లు కొట్టమంటుంది. మొదటిసారి కొట్టింది కాపీ చేసి రెండోచోట అతికిద్దామంటే చాలా సైట్లు ఒప్పుకోవు. అంత పట్టుదలకు కారణం ఉంది.

పేరు, ఖాతా నంబరు రెండూ ఇచ్చాం కదా, తేడా ఉంటే బ్యాంకే పట్టుకుంటుందిలే అని మనం ధీమాగా ఉంటాం. పట్టుకోదు. ఆన్‌లైన్‌లో పంపిన సొమ్మును ఖాతా నంబరు చూసి మాత్రమే జమ చేయవచ్చని, నంబరు సరిగా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవారిదేనని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. పేరు దగ్గర "రామారావు" అని రాసి, నంబరులో ఒక అంకె తప్పితే, ఆ నంబరు ఎవరిదైతే వాళ్ల ఖాతాలో డబ్బు పడిపోతుంది. పడ్డాక వెనక్కి తెచ్చుకోవాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, లేదంటే పోలీసులూ కోర్టులూ.

ఈ కష్టం ఇప్పుడు కొంత తగ్గింది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపేముందే ఆ నంబరు ఎవరి పేరుమీద ఉందో చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోపు చేయాలని బ్యాంకులకు ఆదేశం వచ్చింది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కొట్టాక పేరు చూపించే బటన్ కనబడితే తప్పకుండా నొక్కండి. దానికి రుసుము లేదు. దస్తావేజులో ఉన్న పేరు, తెర మీద వచ్చిన పేరు ఒకటో కాదో అక్కడే తేలిపోతుంది.

ఐఎఫ్ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరూ బ్రాంచివి. ఆ సున్నా చోట ఇంగ్లీషు O కొట్టి, తప్పు కోడని వస్తుంటే తల గోక్కునేవాళ్లు చాలామంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలోను, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోను కలిసిపోయాయి. పాత పాస్‌బుక్కుల మీద SBHY, ANDB అని మొదలయ్యే కోడులు ఇంకా అచ్చై ఉన్నాయి. అవతలివాళ్లు పాత పుస్తకం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ కోడు పట్టుకుని కూర్చోకుండా, "ఏమండీ, కొత్త పాస్‌బుక్కో చెక్కుబుక్కో ఉంటే అది ఫొటో తీసి పంపండి" అని అడగాలి.

వివరాలు ఎక్కించాక వచ్చే ఓటీపీ మెసేజీని మనం అంకెల కోసం మాత్రమే చూస్తాం. అందులో ఆ ఓటీపీ దేనికో కూడా రాసి ఉంటుంది. ఫలానా నాలుగంకెలతో ముగిసే ఖాతాను చేర్చడానికి అని ఉండవచ్చు, ఇంత మొత్తం పంపడానికి అని ఉండవచ్చు. మీరు చేస్తున్న పని, మెసేజీ చెబుతున్న పని ఒకటి కాకపోతే అక్కడితో ఆగిపోవాలి. కరెంటు బిల్లు కడుతున్నాననుకుంటున్న మనిషికి కొత్త ఖాతా చేర్చే ఓటీపీ వచ్చిందంటే తెర అవతల ఇంకెవరో ఉన్నట్టే.

ఇప్పుడు ఆ 24 గంటల దగ్గరికి వద్దాం. దీన్ని దొంగ వైపు నుంచి చూస్తే త్వరగా అర్థమవుతుంది. మీ పేరు, పాస్‌వర్డ్‌లు అతని చేతికి చిక్కాయి. మాయమాటలు చెప్పి ఓటీపీ కూడా చెప్పించుకున్నాడు. అయినా మీ డబ్బు మీ జాబితాలో ఉన్నవాళ్లకే పోతుంది. మీ తమ్ముడికో, మీ ఇంటి ఓనరుకో పంపి అతను చేసుకునేదేముంది? కాబట్టి అతను చేయక తప్పని పని ఒకటుంది: తన చేతిలో ఉన్న ఖాతాను మీ జాబితాలోకి ఎక్కించడం. ఆ ఖాతా తన పేరుమీద ఉండదు. కమీషనుకు ఆశపడి ఎవరో అద్దెకిచ్చినది, పోలీసులు మ్యూల్ ఖాతా అనేది. డబ్బు అందులో పడగానే నాలుగైదు ఖాతాలకు చీలుస్తారు, అక్కడినుంచి ఇంకొన్నిటికి పంపి, ఎక్కడో ఏటీఎంలో నగదు తీసేస్తారు. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది.

ఒకప్పుడు నెఫ్ట్ బ్యాంకు పనివేళల్లోనే నడిచేది. సాయంత్రం తర్వాత, ఆదివారాలు ఏమీ కదిలేది కాదు. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్‌టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తున్నాయి. ఐఎంపీఎస్‌లో ఐదు లక్షల దాకా క్షణాల్లో పోతాయి. మనకు ఎంత సుఖమో దొంగకూ అంతే సుఖం. పంపిన డబ్బును మధ్యదారిలో ఆపే వీలు ఎటూ లేదు. ఆపగలిగితే పంపకముందే ఆపాలి. కొత్త ఖాతా జాబితాలో చేరిన క్షణానికీ పెద్ద మొత్తం కదిలే క్షణానికీ మధ్య బ్యాంకు చాచి పెట్టిన సమయమే ఈ నిరీక్షణ.

ఆ సమయంలో బ్యాంకు ప్రత్యేకంగా విచారణ చేస్తుందనుకోకండి. సాధారణంగా జరిగేది ఒక్కటే, కొత్త ఖాతా చేరిందని మీ ఫోనుకు, మీ ఈమెయిల్‌కు కబురు పోతుంది. ఇలాంటి హెచ్చరిక పెట్టాలని, రోజుకు ఎన్ని ఖాతాలు చేర్చవచ్చో పరిమితి ఆలోచించాలని రిజర్వ్ బ్యాంకు 2013 ఫిబ్రవరిలోనే బ్యాంకులకు సూచించింది. ఆ కబురు మీరు చదివి, "ఇది నేను చేయలేదే" అనుకునే వ్యవధి ఇవ్వడమే మిగతా కథంతా. అరగంట సరిపోదా అంటే, అర్ధరాత్రి రెండింటికి వచ్చిన మెసేజీ తెల్లారాకే చూస్తాం. పొలంలో సిగ్నల్ ఉండదు. ఆపరేషన్ థియేటరులోనో, పరీక్ష హాల్లోనో ఫోను ఆపేసి ఉంటుంది. ఒక రోజు గడువిస్తే ఏదో ఒక పూట మనిషి ఫోను చూడకపోడు.

మరి 50 వేలు ఎందుకు పోనిస్తారు? కొత్త ఊరిలో ఆస్పత్రికి కట్టాల్సి రావచ్చు, అద్దె అడ్వాన్సు ఇవ్వాల్సి రావచ్చు. పూర్తిగా బిగిస్తే మంచివాళ్లు ఇరుక్కుంటారు, పూర్తిగా వదిలేస్తే దొంగ ఊడ్చుకుపోతాడు. నష్టం జరిగినా ఒక హద్దులో ఉండేలా మధ్యలో గీత గీశారు. ఆ గీత ఎక్కడన్నది బ్యాంకు బ్యాంకుకు మారుతుంది. ఒకచోట అరగంట వరకు ఏమీ పోదు, ఒకచోట నాలుగు గంటలు, ఒకచోట మొదటి రోజు 50 వేలు, ఇంకోచోట మొదటి కొన్ని రోజులు కలిపి ఇన్ని లక్షలు. హద్దు ఒక్కో బదిలీకి కాదు, ఆ వ్యవధిలో ఆ ఖాతాకు వెళ్లే మొత్తానికి. అందుకే 12 లక్షలను ముక్కలు చేసి పంపుదామన్న ఎత్తు పారదు. ఏదో తేడా వచ్చిందని ఖాతాను జాబితాలోంచి తీసేసి మళ్లీ చేర్చితే గడియారం మొదటికొస్తుంది.

బ్యాంకుల మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఇంత ఏర్పాటూ ఒక మెసేజీని మనిషి చదవడం మీద ఆధారపడి ఉంది. ఆ మెసేజీ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తుంది, అదీ పొట్టి అక్షరాల్లో, సగం అంకెలతో. తెలుగు మాత్రమే చదవగలిగే అమ్మమ్మకు అది లోన్ ప్రకటనకూ దీనికీ తేడా తెలియని మెసేజీ. ఈ ఖాతాకు పూర్తి మొత్తం ఫలానా రోజు ఫలానా గంట నుంచి పంపుకోవచ్చు అని కచ్చితంగా చెప్పే తెరలు కూడా తక్కువే. ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పకుండా మూసి ఉంచిన తలుపు ముందు జనం విసుక్కోరా మరి?

ఈ నిరీక్షణ ఆపలేని మోసాలూ ఉన్నాయి. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కి ఫోన్లో పెట్టుకుంటే, అది ఎస్సెమ్మెస్‌లను చదివి దొంగకు చేరవేయగలదు. అప్పుడు ఓటీపీ అతనికి ముందే తెలుస్తుంది, హెచ్చరిక మీ కంటబడకుండానూ పోవచ్చు. ఈమెయిల్ ఇవ్వమన్నది ఇందుకే. ఆ మెయిల్ ఇంట్లో ఇంకో ఫోన్లోనో, కంప్యూటర్లోనో కూడా తెరిచి ఉంచుకుంటే కబురు రెండో దారిలో వస్తుంది. డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించేవాళ్ల సంగతి ఇంకోరకం. బాధితుడే తన చేతులతో ఖాతా చేర్చి, వాళ్లు వీడియో కాల్ కట్ చేయనివ్వకుండా కాపలా కాస్తుంటే గడువు తీరేదాకా కూర్చుని, తనే డబ్బు పంపేస్తాడు. అక్కడ కూడా ఆ ఒక్కరోజు పూర్తిగా వృథా కాదు. ఇంట్లోవాళ్లు, "నాన్నా, రాత్రినుంచి గది తలుపు వేసుకుని ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడగడానికి దొరికే సమయం అదే.

మన స్థలం కొనుగోలు మళ్లీ సరిగ్గా చేద్దాం. రిజిస్ట్రేషన్ శుక్రవారం కాబట్టి సోమవారమే అమ్మే ఆయన చేత కొత్త పాస్‌బుక్కు ఫొటో పంపించుకోవాలి. ఆ రోజే ఖాతా చేర్చి, బ్యాంకు చూపించిన పేరును దస్తావేజు చిత్తుతో పోల్చుకోవాలి. పరిమితి గడిలో 12 లక్షలు పట్టేలా అంకె వేయాలి. చాలామంది అక్కడ లక్ష వేసి మరిచిపోతారు, గడువు తీరాక కూడా డబ్బు పోక మళ్లీ కంగారు పడతారు. తర్వాత ఒక్క రూపాయి పంపాలి. పోయిందని మన తెర చెబితే సరిపోదు, ఎందుకంటే తప్పు నంబరు కూడా ఎవరో ఒకరి ఖాతా అయి ఉండవచ్చు, అక్కడికీ రూపాయి చక్కగానే పోతుంది. ఆయనకు ఫోన్ చేసి, "అన్నయ్య గారూ, రూపాయి పడిందా? మెసేజీలో నా పేరు కనబడుతోందా?" అని అడిగి తెలుసుకోవాలి. మంగళ, బుధవారాల్లో గడువు తీరిపోతుంది. బ్యాంకులో మన ఖాతాకు రోజువారీ బదిలీ పరిమితి ఎంతుందో కూడా అప్పుడే చూసుకుని, తక్కువైతే పెంచుకోవాలి. శుక్రవారం పొద్దున్న ఆర్‌టీజీఎస్ ఎంచుకోవాలి. దానికి కనీసం రెండు లక్షలుండాలి, మన మొత్తానికి అదే సరైన దారి. సంతకాల ముందు నిలబడి పంపుతాం, కాసేపట్లో ఆయనకు చేరుతుంది.

గురువారం రాత్రి దాకా మరిచిపోయినా దారి మూసుకుపోలేదు. శుక్రవారం బ్యాంకు తెరవగానే చెక్కుబుక్కు పట్టుకుని బ్రాంచికి వెళ్లి ఆర్‌టీజీఎస్ ఫారం నింపవచ్చు. మనిషి ఎదురుగా ఉన్నాడు, సంతకం పోల్చి చూస్తారు, అందుకే ఆన్‌లైన్‌లో పెట్టిన నిరీక్షణ అక్కడ వర్తించదు. ఐదు లక్షలు దాటిన మొత్తానికి రుసుము రూ. 49.50కి మించకూడదు, జీఎస్టీ వేరు. కౌంటరు దగ్గర రద్దీకి గంట పట్టవచ్చు, దస్తావేజు రాసినాయనకు ఒక ఫోన్ చేసి చెప్పాలి, అంతే.

ఇక మీరు చేయని ఖాతా చేరినట్టు మెసేజీ వస్తే ఆలోచిస్తూ కూర్చోకండి. ఆ మెసేజీలోని లింకు నొక్కవద్దు, అందులోని నంబరుకు చేయవద్దు, ఎందుకంటే మెసేజీయే నకిలీది కావచ్చు. ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించండి. స్టేట్ బ్యాంకు లాంటి చోట్ల లాగిన్ పేజీలోనే ఖాతాదారు తన ప్రవేశాన్ని తాళం వేసుకునే సదుపాయం ఉంది. తర్వాత వేరే ఫోనులోనో కంప్యూటర్లోనో పాస్‌వర్డ్‌లు రెండూ మార్చాలి. ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పూర్తిగా పోయి, పక్కవాళ్లకు వస్తుంటే కూడా అనుమానించాలి. మీ నంబరు మీద ఎవరో కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రానివ్వకూడదని టెలికాం శాఖ నిబంధన ఉంది. అదీ ఇలాంటి నిరీక్షణే, ఆ లోపు టెలికాం కంపెనీకి చెప్పి ఆపించాలి.

డబ్బు పోయే ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయాలి. సొమ్ము మ్యూల్ ఖాతాలు దాటిపోకముందే చెబితే ఎక్కడికక్కడ బ్యాంకులు దాన్ని నిలిపి ఉంచే అవకాశం ఉంటుంది. బ్యాంకుకు రాతపూర్వకంగానూ ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ల మీద నష్టభారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భరించాలి, ఆపైన బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినది మీ ఖాతాలోనే రాస్తారు, తెలిపిన తర్వాత పోయినదానికి మాత్రం బ్యాంకుదే పూచీ. కాబట్టి ఓటీపీ చెప్పేశానే అని సిగ్గుపడి ఒక్క గంట దాచినా ఆ గంటలో పోయేదంతా మీ సొమ్మే.